తిరిగొచ్చిన ఫ్రిజ్‌ను రెండోసారి పంపేముందు: తలుపు తీసే మనిషినీ వేళనూ ఖాయం చేసుకోవడం ఎలా

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లాంటి పెద్ద వస్తువు డెలివరీ కాకుండా గోడౌన్‌కు తిరిగొస్తే షోరూంలో ఎక్కువగా జరిగేది ఇదే. డెస్క్ మీద ఉన్నవాళ్ళు కస్టమర్‌కు ఫోన్ చేసి "రేపు పంపమంటారా అండీ?" అంటారు. అవతలివాళ్ళు "పంపండి" అంటారు. మర్నాడు బండి మళ్ళీ వస్తువుతోనే వెనక్కి వస్తుంది. తేదీ ఒక్కటే మారి, మొదటిసారి అడ్డుపడ్డది అలాగే ఉండిపోవడమే దీనికి కారణం.

రెండో డెలివరీ ఖాయమైందని రాసుకోవాలంటే నాలుగు సంగతులు తెలిసి ఉండాలి. మొదటిసారి నిజంగా ఏం అడ్డొచ్చింది, ఈసారి తలుపు తీసేది ఎవరు, అవసరమైతే 'సరే' అనగలిగేది ఎవరు, ఏ రెండు గంటల మధ్య వస్తే ఇద్దరూ అందుబాటులో ఉంటారు. ఈ మార్గదర్శి షోరూం డిస్పాచ్ డెస్క్‌లో పనిచేసేవాళ్ళ కోసం రాసింది. మొదటినుంచీ చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం.

ఉదాహరణ ఇది. షోరూం గుంటూరులో ఉంది. వస్తువు 340 లీటర్ల డబుల్ డోర్ ఫ్రిజ్, ధర 38,500 రూపాయలు, డబ్బు ముందే కట్టేశారు. కొన్నది బెంగళూరులో ఉద్యోగం చేసే అబ్బాయి. డెలివరీ బ్రాడీపేటలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండే అమ్మానాన్నలకు. ఎక్స్చేంజ్ కింద పాత ఫ్రిజ్ వెనక్కి తీసుకోవాలి. గురువారం మధ్యాహ్నం 1:50కి బండి వెళ్ళింది, 2:15కి తిరిగి బయల్దేరింది. చలానా మీద కుర్రాళ్ళు రాసింది రెండే మాటలు: "కస్టమర్ వద్దన్నారు".

మొదటి మెట్టు: బండి వీధి దాటకముందే అసలు కారణం రాబట్టడం

"కస్టమర్ వద్దన్నారు", "డోర్ లాక్", "ఫోన్ ఎత్తలేదు". చలానాల మీద ఎప్పుడూ కనిపించేవి ఈ మూడే. ఏం జరిగిందో వీటివల్ల కొంత తెలుస్తుంది కానీ ఎందుకు జరిగిందో తెలియదు. కారణం తెలియకుండా మళ్ళీ పంపితే అదే గుమ్మం ముందు మళ్ళీ ఆగిపోతారు. అందుకే డెలివరీ కుదరడం లేదని అనిపించిన వెంటనే, బండి ఇంకా ఆ ఇంటి ముందు ఉండగానే, డ్రైవర్ డెస్క్‌కు ఫోన్ చేయాలన్నది నియమంగా పెట్టుకోండి. కనీసం పది నిమిషాలు ఆగాలి. చలానాలో ఉన్న నంబర్లన్నిటికీ చేసి చూడాలి. అపార్ట్‌మెంట్ పేరు కనపడేలా గేటు ఫొటో ఒకటి తీసి పంపాలి. ఆ ఫొటో కుర్రాళ్ళ మీద అనుమానంతో అడిగేది అనుకోకూడదు. బండి తప్పు ఇంటికి వెళ్ళిందేమో తేలేది దానివల్లే.

గుంటూరులో ఈ తప్పు ఎంత తేలిగ్గా జరుగుతుందో ఊరి వాళ్ళకు తెలుసు. బ్రాడీపేట, అరండల్‌పేట చిరునామాల్లో 4/7 అని ఉంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని అర్థం. ఆర్డర్ రాసుకునేవాళ్ళు దాన్ని 7/4 అని వేసినా, అంకెలు సరిగ్గానే ఉండి పేట పేరు తప్పు పడినా, బండి వేరే వీధిలో నిలబడి "అలాంటి అపార్ట్‌మెంట్ లేదు" అంటుంది. ఆ కేసులో కస్టమర్‌ను ఎన్నిసార్లు టైము అడిగినా ప్రయోజనం ఉండదు. కావలసింది లొకేషన్ పిన్.

డ్రైవర్‌ను "ఏమైంది?" అని వదిలేయకుండా విడివిడిగా అడగండి. తలుపు ఎవరు తీశారు? మీరు ఏం చెప్పారు? వాళ్ళు సరిగ్గా ఏ మాట అన్నారు? ఎవరికి ఫోన్ చేశారు, రింగ్ అయిందా, స్విచాఫా? మన ఉదాహరణలో ఇలా అడిగితే బయటపడ్డ సంగతి వేరు. తలుపు తీసింది అమ్మగారు. కొత్త ఫ్రిజ్ వస్తుందని ఆవిడకు తెలుసు. పాతది తీసుకెళ్తారని తెలియదు. "మా అబ్బాయిని అడక్కుండా ఇవ్వను" అన్నారు. అబ్బాయి మీటింగులో ఉండి ఫోన్ ఎత్తలేదు. పైగా పాత ఫ్రిజ్ నిండా సామాను ఉంది, ఫ్రీజర్లో ఐసు గడ్డకట్టి ఉంది. అంటే ఇక్కడ కస్టమర్ వద్దనలేదు. తలుపు తీసిన మనిషికీ, నిర్ణయం తీసుకున్న మనిషికీ మధ్య మాట అందలేదు. ఈ తేడా తెలిశాక చేయాల్సిన ఫోనే మారిపోతుంది.

లిఫ్ట్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పాత అపార్ట్‌మెంట్లలో ఆరుగురు పట్టే చిన్న లిఫ్ట్‌కు తలుపు వెడల్పు సుమారు 70 సెంటీమీటర్లే ఉంటుంది. 340 లీటర్ల ఫ్రిజ్ అట్టపెట్టెతో సహా దాదాపు ఆ వెడల్పుకు వస్తుంది. ఇక రెండు తలుపులు పక్కపక్కన ఉండే పెద్ద ఫ్రిజ్‌ అయితే అందులో పట్టనే పట్టదు. పెట్టె కొలత మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి పెట్టె మీద ముద్రించినది చూడండి. లిఫ్ట్ కొలత డ్రైవర్‌ను టేపుతో కొలిచి చెప్పమనండి. మెట్ల మీద ఎక్కించాలని తేలితే రెండోసారి ఇద్దరికి బదులు నలుగురు వెళ్ళాలి. అది తెలియకుండా టైము ఇస్తే ఆ టైము నిలబడదు.

రెండో మెట్టు: కొన్న మనిషితో మొదటి ఫోన్

ఫోన్ అదే రోజు చేయాలి. మర్నాటికి వాయిదా వేస్తే రెండు నష్టాలు. ఇంట్లోవాళ్ళు జరిగినదాన్ని తమకు తోచినట్టు చెప్పుకుని ఉంటారు, కొన్న మనిషికి కోపం పెరిగి ఉంటుంది. ఉద్యోగస్థులకు సాయంత్రం 6 నుంచి 8 మధ్య చేస్తే ఎత్తే అవకాశం ఎక్కువ. అంతకుముందు ఒక మెసేజ్ పంపండి. కొత్త నంబరు నుంచి వచ్చే ఫోన్ ఇవాళ ఎవరూ ఎత్తడం లేదు, అందులో తప్పు పట్టడానికీ లేదు.

డెలివరీ పేరుతో మోసాలు ఎన్ని జరుగుతున్నాయో కస్టమర్‌కు తెలుసు. "మీ పార్శిల్ తిరిగొచ్చింది, మళ్ళీ పంపాలంటే ఈ లింకులో ఐదు రూపాయలు కట్టండి" అనే మెసేజ్‌లూ, "ఈ నంబరు డయల్ చేస్తే డెలివరీ బాయ్‌తో మాట్లాడొచ్చు" అని *401* తో మొదలయ్యే నంబరు నొక్కించే ఫోన్లూ చాలామందికి వచ్చాయి. ఆ నంబరు నొక్కితే కస్టమర్‌కు వచ్చే ఫోన్లన్నీ మోసగాడికి మళ్ళిపోతాయి. మీ ఫోన్ అలాంటి ఫోన్లా వినిపించకూడదు. కాబట్టి ఈ ఫోన్‌లో ఓటీపీ అడగకండి, లింకు పంపకండి, ఏ కోడూ డయల్ చేయమనకండి. వస్తువు పేరు, బిల్లు నంబరులో చివరి నాలుగు అంకెలు మీరే చెప్పండి. నమ్మకం కుదరకపోతే బిల్లు మీదున్న షోరూం నంబరుకు తిరిగి ఫోన్ చేయమనండి. అలా చేస్తామన్న కస్టమర్‌ను మెచ్చుకోండి, తొందరపెట్టకండి.

మాట ఇలా నడవొచ్చు:

"నమస్కారమండీ, గుంటూరు షోరూం నుంచి మాట్లాడుతున్నాను. మీరు కొన్న 340 లీటర్ల ఫ్రిజ్ గురించి. బిల్లు చివర 4417. ఒక్క రెండు నిమిషాలు మాట్లాడొచ్చా అండీ?"

"ఆ, చెప్పండి. ఇవాళ వచ్చి వెళ్ళిపోయారంట కదా. మా అమ్మ వద్దందని రాశారంట?"

"అమ్మగారు ఫ్రిజ్ వద్దనలేదండీ. పాతది తీసుకెళ్తామని ఆవిడకు ముందు చెప్పలేదు. మీతో మాట్లాడి ఇస్తానన్నారు. ఆ టైముకు మీ ఫోన్ కలవలేదు. ముందే ఆవిడకు చెప్పి వెళ్ళాల్సింది, అది మా వైపు లోపం. ఈసారి అలా కాకుండా మీ ఇద్దరితోనూ మాట్లాడి టైము పెట్టుకుందామని చేశాను."

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. జరిగినదాన్ని అమ్మగారి మీదకు నెట్టలేదు. కొడుకుతో తల్లి తప్పు అన్నట్టు మాట్లాడితే ఆ తర్వాత ఏ మాటా సాగదు. తప్పు షోరూందైతే ఒక్క వాక్యంలో ఒప్పుకుని ముందుకు వెళ్ళాలి. రెండో ట్రిప్పుకు డబ్బు తీసుకునే పద్ధతి మీ షోరూంలో ఉంటే ఆ సంగతి ఈ ఫోన్‌లోనే, టైము అడగకముందే చెప్పాలి. ఇలాంటి కేసులో, అంటే చెప్పాల్సింది మీరు చెప్పకపోయినప్పుడు, తీసుకోకూడదు.

ఎక్స్చేంజ్ సంగతి కూడా ఇక్కడే మళ్ళీ నిర్ధారించుకోవాలి. "పాత ఫ్రిజ్ ఇవ్వడం ఖాయమేనా అండీ? ఇవ్వకపోతే తగ్గించిన డబ్బు కట్టాల్సి వస్తుంది, అది గుమ్మం దగ్గర తేలేది కాదు" అని మృదువుగా, కానీ స్పష్టంగా అడగండి. పాత వస్తువు చూపించి గుమ్మం దగ్గర బేరం మొదలైతే పక్కన ఉన్న తర్వాతి ఇళ్ళ టైములన్నీ జరిగిపోతాయి.

మూడో మెట్టు: తలుపు తీసే మనిషి ఎవరో తేల్చడం

"ఇంట్లో ఎవరైనా ఉంటారా అండీ?" అని అడిగితే నూటికి నూరుపాళ్ళూ "ఉంటారండీ" అనే వస్తుంది. ఆ జవాబుతో పని జరగదు. "శనివారం పొద్దున ఇంట్లో ఎవరుంటారండీ?" అని అడిగితే పేరు చెప్పాలి, చెప్పేముందు ఆలోచించాలి. ఆ ఆలోచనలోనే "నాన్న శనివారం ఊళ్ళో ఉండరు, అమ్మ ఒక్కతే ఉంటుంది" లాంటివి బయటకు వస్తాయి.

తేల్చాల్సినవాళ్ళు ఇద్దరు. ఇంట్లో ఉండి తలుపు తీసి, ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలో చూపించే మనిషి ఒకరు. ఏదైనా చిక్కు వస్తే ఫోన్‌లో 'అవును' అనగలిగే మనిషి ఇంకొకరు. చాలా ఇళ్ళలో ఇద్దరూ ఒకరే. పిల్లలు దూరంనుంచి కొనిపెట్టే ఇళ్ళలో మాత్రం దాదాపు ఎప్పుడూ వేరు. మన ఉదాహరణలో తలుపు తీసేది అమ్మగారు, అవుననాల్సింది అబ్బాయి. ఓటీపీ వచ్చేది కూడా ఆర్డర్‌లో ఉన్న అబ్బాయి ఫోన్‌కే. కాబట్టి అమ్మగారు ఇంట్లో ఉన్నంత మాత్రాన చాలదు, ఆ రెండు గంటలూ అబ్బాయి ఫోన్ దగ్గర ఉండాలి.

కొన్నవాళ్ళు విదేశంలో ఉంటే ఇది మరీ ముఖ్యం. గుంటూరులో పొద్దున 11 అయితే అమెరికాలో డల్లాస్‌లో వేసవిలో అర్ధరాత్రి దాటి 12:30, చలికాలంలో 11:30. ఓటీపీ కోసం ఎవరూ లేచి ఉండరు. అలాంటప్పుడు ఆర్డర్‌లో డెలివరీ నంబరును గుంటూరులో ఉన్నవాళ్ళదిగా మార్పించమని ముందే అడగండి. మార్చడానికి వీలులేని పద్ధతి అయితే సాయంత్రం 6 తర్వాత టైము పెట్టుకోండి, అప్పటికి అక్కడ తెల్లారి ఉంటుంది. ఓటీపీ ముందే చెప్పించుకుని కాగితం మీద రాసుకోవడం చేయకండి. వస్తువు ఇంట్లో దించి, చూపించి, అప్పుడు అడగాల్సింది అది. ముందే చెప్పడం అలవాటు చేస్తే రేపు మోసగాడికి కూడా చెప్తారు.

మూడో పేరు ఒకటి అడిగి ఉంచుకోండి. అమ్మగారు గుడికో ఆసుపత్రికో వెళ్ళాల్సి వస్తే తలుపు తీసేది ఎవరు? మన ఉదాహరణలో అరండల్‌పేటలో ఉండే మేనల్లుడి పేరు చెప్పారు. ఎదురింటివాళ్ళ పేరు చెప్తే జాగ్రత్త పడండి. వాళ్ళు తాళం తీయగలరు కానీ ఫ్రిజ్ పెట్టెలో సొట్ట ఉందో లేదో చూసి సంతకం పెట్టే బాధ్యత వాళ్ళ మీద పెట్టకూడదు. ఆ మూడో మనిషి నంబరును ఈ డెలివరీకి తప్ప ఇంకేదానికీ వాడకండి. ప్రచార మెసేజ్‌ల జాబితాలోకి అది వెళ్ళకూడదు.

ఆ తర్వాత తలుపు తీసే మనిషికి మీరే నేరుగా ఫోన్ చేయండి. "అమ్మకు నేను చెప్తాలెండి" అని అబ్బాయి అన్నా సరే. మొదటిసారి అడ్డుపడ్డది సరిగ్గా ఆ "చెప్తాలెండి" దగ్గరే. అబ్బాయిని అడిగి, ఆయన ఒప్పుకున్నాకే ఆవిడకు చేయాలి. చేసేముందు "షోరూం నుంచి ఫోన్ వస్తుంది" అని ఆయన్ను ఆవిడకు చెప్పమనండి.

నాలుగో మెట్టు: రెండు గంటల వేళ

ఇక్కడ ఒప్పుకోకూడని జవాబులు మూడున్నాయి. "ఎప్పుడైనా రండి", "వచ్చేముందు ఫోన్ చేయండి", "రేపు చూద్దాం". మూడూ మర్యాదగానే ఉంటాయి, మూడింటిలోనూ టైము లేదు. ఎప్పుడైనా రమ్మన్న ఇంటికి మధ్యాహ్నం 2 గంటలకు వెళ్తే పెద్దవాళ్ళు కునుకు తీస్తుంటారు, వాచ్‌మన్ భోజనానికి వెళ్ళి ఉంటాడు. మీరే రెండు వేళలు ముందు పెట్టి ఎంచుకోమనండి.

వేళ ఎంచేటప్పుడు ఇంటి అలవాట్లు అడగండి. మన ఇళ్ళలో కొత్త వస్తువు గడప దాటడానికి మంచి టైము చూసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు ఆ సంగతి ఫోన్‌లో పైకి చెప్పరు, బండి వచ్చాక "కాసేపు ఆగండి" అంటారు. ఆ కాసేపు గంటన్నర అవుతుంది. సూర్యోదయం ఆరింటికి అని లెక్కవేస్తే రాహుకాలం సోమవారం 7:30 నుంచి 9, మంగళవారం 3 నుంచి 4:30, బుధవారం 12 నుంచి 1:30, గురువారం 1:30 నుంచి 3, శుక్రవారం 10:30 నుంచి 12, శనివారం 9 నుంచి 10:30, ఆదివారం సాయంత్రం 4:30 నుంచి 6. సూర్యోదయాన్ని బట్టి కొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. మొదటిసారి బండి వెళ్ళింది గురువారం 1:50కి. సరిగ్గా రాహుకాలం. అమ్మగారు అంత గట్టిగా వద్దనడానికి అది కూడా తోడై ఉండొచ్చు. డిస్పాచ్ డెస్క్ మీద ఒక తెలుగు క్యాలెండర్ ఉంచుకుని, "ఆ టైము మీకు పర్వాలేదా అమ్మా, ఏమైనా చూసుకుంటారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. పట్టింపు లేనివాళ్ళు లేదంటారు, ఉన్నవాళ్ళు సంతోషిస్తారు.

మన ఉదాహరణలో అబ్బాయి ముందు శుక్రవారం 11 అన్నారు. ఆయనకు ఆ రోజు ఆఫీసు ఉంది, అమ్మగారికి రాహుకాలం. శనివారం ఆయనకు సెలవు. రాహుకాలం 10:30కి అయిపోతుంది. మధ్యాహ్నం 1 తర్వాత ఆవిడ పడుకుంటారు. అందువల్ల శనివారం 10:30 నుంచి 12:30 అని తేలింది. ఇలా తేలిన వేళ నిలబడుతుంది, ఎందుకంటే ఇద్దరి రోజులోనూ అది ఖాళీగా ఉంది.

ఇక మీ వైపు లెక్క. గోడౌన్ నుంచి బ్రాడీపేటకు ఇరవై నిమిషాలు అనుకుందాం. ఫ్రిజ్ దించి, పైకి ఎక్కించి, పెట్టె విప్పి చూపించి, పాతది కిందికి తేవడానికి నలభై నుంచి యాభై నిమిషాలు. ఒక్కో ఇంటికి ప్రయాణంతో కలిపి గంటకు పైనే. బండి మొదటి ఇంటికి చేరే టైములో ఇరవై నిమిషాల తేడా రావచ్చు. మూడో ఇంటికి వచ్చేసరికి ముందు రెండు ఇళ్ళ ఆలస్యమూ కలిసి తేడా గంట దాటుతుంది. అందుకే తిరిగొచ్చిన వస్తువును ఆ రోజు ట్రిప్పులో మొదటి ఇంటిగా పెట్టాలి, కుదరకపోతే రెండోది. నాలుగో ఇంటిగా పెట్టి రెండు గంటల వేళ చెప్పడమంటే, నిలబెట్టుకోలేని మాట ఇవ్వడమే. మన బండి 10:15కి బయల్దేరితే 10:35 నుంచి 10:45 మధ్య చేరుతుంది. ఇంకా గంటన్నర పైన మిగిలింది కదా అని వేళను గంటకు తగ్గించకండి. లోడింగ్ ఆలస్యం, టైరు పంక్చరు, వాచ్‌మన్‌తో మాటలు, అన్నీ అందులోనే ఇమడాలి. 10:30 కంటే ముందు మాత్రం వెళ్ళకండి. తొందరగా వెళ్ళడం కూడా మాట తప్పడమే.

నగరాల్లో సరుకు బండ్లకు పొద్దునా సాయంత్రమూ కొన్ని రోడ్ల మీద ప్రవేశం ఉండదు. గేటెడ్ కమ్యూనిటీలలో సామాను లిఫ్ట్‌కు వేరే వేళలు ఉంటాయి, ఆదివారం అసలు ఒప్పుకోని చోట్లు ఉన్నాయి. కస్టమర్‌కు వేళ చెప్పేముందు సెక్యూరిటీ నంబరు తీసుకుని ఈ ఒక్కటి కనుక్కోండి. బండి నంబరు, వెళ్ళే ఇద్దరి పేర్లు ముందే కమ్యూనిటీ యాప్‌లో ఎక్కించమని కస్టమర్‌ను అడగాలి. గేటు దగ్గర పది నిమిషాలు మిగులుతాయి.

వస్తువు విలువ 50,000 రూపాయలు దాటితే ఇంకో సంగతి చూడాలి: ఇ-వే బిల్లు గడువు. 200 కిలోమీటర్ల లోపు దూరానికి గడువు ఒక్క రోజు. అది బిల్లు తీసిన మర్నాటి అర్ధరాత్రితో అయిపోతుంది. గురువారం తీసిన బిల్లు శనివారం బండికి పనికిరాదు. గడువు పొడిగించుకునే వీలు అది అయిపోవడానికి ఎనిమిది గంటల ముందు నుంచి అయిపోయిన ఎనిమిది గంటల వరకే ఉంటుంది. బండి మారితే కొత్త బండి నంబరు కూడా ఎక్కించాలి. అందుకని ఖరీదైన వస్తువు తిరిగొచ్చిన సాయంత్రమే, కస్టమర్‌కు తేదీ చెప్పకముందే, అకౌంట్స్ వాళ్ళతో మాట్లాడండి. మన ఫ్రిజ్ ధర 38,500 కాబట్టి ఈ చిక్కు లేదు.

ఐదో మెట్టు: చెప్పినదాన్ని వాళ్ళ నోటే చెప్పించి, రాతలో పంపడం

అంతా మాట్లాడాక "సరేనా అండీ?" అని ముగించకండి. "అమ్మా, ఒకసారి సరిచూసుకుందాం, శనివారం మా వాళ్ళు ఎన్నింటికి వస్తారు? పాత ఫ్రిజ్ ఎప్పటికి ఖాళీ చేస్తారు?" అని అడగండి. పరీక్ష పెట్టినట్టు కాకుండా మీరే మర్చిపోకుండా రాసుకుంటున్నట్టు అడిగితే ఎవరూ నొచ్చుకోరు. తేడా ఉంటే ఇక్కడే దొరుకుతుంది. "శుక్రవారం కదా?" అని ఆవిడ అనొచ్చు, ఎందుకంటే అబ్బాయి ముందు ఆ మాటే చెప్పి ఉంటారు.

పాత ఫ్రిజ్ గురించి అమ్మగారికి చెప్పాల్సింది నెమ్మదిగా చెప్పండి. శుక్రవారం రాత్రి సామాను తీసేసి, స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, తలుపు తెరిచి ఉంచాలి. కింద పాత గుడ్డ ఒకటి పరవాలి. తెల్లారేసరికి ఐసు కరిగి నీళ్ళు కారిపోతాయి. ఇది చేయకపోతే మోసేటప్పుడు మెట్ల మీద నీళ్ళు పడి జారుతుంది. పాలు, పెరుగు, మందులు ఎక్కడ పెట్టాలో ఆలోచించుకోమనండి. ఇన్సులిన్ లాంటివి ఉంటే పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టించమనండి. కొత్త ఫ్రిజ్ దించగానే చల్లబడదు.

ఆ తర్వాత ఇద్దరికీ ఒకే మెసేజ్ పంపాలి. ఇలా ఉంటే చాలు:

"నమస్కారం. బిల్లు చివర 4417, 340 లీటర్ల ఫ్రిజ్. శనివారం పొద్దున 10:30 నుంచి 12:30 మధ్య తెస్తాం. ఇంట్లో ఉండేది: అమ్మగారు. ఫోన్ దగ్గర ఉండేది: అబ్బాయిగారు (ఓటీపీ ఆయనకే వస్తుంది). అమ్మగారు లేకపోతే: మేనల్లుడు. పాత ఫ్రిజ్ వెనక్కి తీసుకుంటాం, ముందురోజు రాత్రి ఖాళీ చేసి ఆపి ఉంచండి. బయల్దేరేముందు ఫోన్ చేస్తాం. ఫ్రిజ్ ఇంట్లో దించాకే ఓటీపీ చెప్పండి. డబ్బు ఏమీ కట్టక్కర్లేదు, ఏ లింకూ పంపం. మార్పు ఉంటే శుక్రవారం సాయంత్రం 6 లోపు షోరూం నంబరుకు చెప్పండి."

"సరే" అని జవాబు వచ్చేదాకా డెలివరీ ఖాయమైనట్టు రిజిస్టరులో రాయకండి. రెండు నీలం గీతలు కనిపించడం ఒప్పుకోవడం కిందికి రాదు.

రిజిస్టరులో, కొత్త చలానాలో ఒక వరుస అదనంగా వేయండి: మొదటిసారి ఎందుకు కాలేదు. "తల్లికి ఎక్స్చేంజ్ సంగతి తెలియదు, ఇప్పుడు చెప్పాం, అబ్బాయి శనివారం ఫోన్‌లో ఉంటారు" అని ఒక్క వాక్యం చాలు. శనివారం వెళ్ళే కుర్రాళ్ళు గురువారం వెళ్ళినవాళ్ళు కాకపోవచ్చు. వాళ్ళకు ఈ వాక్యం లేకపోతే గుమ్మం దగ్గర మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడతారు.

ఆరో మెట్టు: ముందురోజు సాయంత్రం, ఆ రోజు పొద్దున

శుక్రవారం సాయంత్రం తలుపు తీసే మనిషికి ఒక చిన్న ఫోన్. అబ్బాయికి కాదు, అమ్మగారికి. "అమ్మా, రేపటికి అంతా మామూలేనా? ఫ్రిజ్ ఖాళీ చేయడం మొదలుపెట్టారా?" ఫ్రిజ్ గురించి అడగడంలో ఉద్దేశం ఉంది. ఖాళీ చేస్తున్నారంటే ఎదురుచూస్తున్నారని అర్థం. "ఇంకా లేదమ్మా, చూస్తాను" అంటే ఇంట్లో ఏదో జరుగుతోంది. బంధువులు వచ్చి ఉండొచ్చు, ఎవరికో ఒంట్లో బాగుండకపోవచ్చు. అడిగితే చెప్తారు. టైము మార్చాల్సి వస్తే ఇప్పుడే మార్చడం అందరికీ మంచిది.

గోడౌన్‌లో ఈ రెండు రోజులూ ఫ్రిజ్ నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పాకుతుంది. నిలబెట్టిన వెంటనే ఆన్ చేస్తే కంప్రెసర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. రెండుసార్లు బండి ఎక్కి దిగిన పెట్టె మూలలు నలిగి ఉంటాయి కాబట్టి లోడ్ చేసేముందు నాలుగు వైపులా ఫొటో తీయండి. లోపల వస్తువుకు దెబ్బ తగిలిందనిపిస్తే పంపకుండా కస్టమర్‌కు ముందే చెప్పి వేరే పీసు పంపాలి. నలిగిన పెట్టె గుమ్మం దగ్గర చూస్తే "ఎవరో వాడి వెనక్కిచ్చింది మాకు తెచ్చారు" అనుకుంటారు. ఆ అనుమానంతో రెండోసారి తిరిగొచ్చిన ఫ్రిజ్‌లు తక్కువేం కాదు. మొదటిసారి సీలు విప్పలేదని ఆ రోజే మెసేజ్‌లో రాసి ఉంచితే ఇక్కడ పనికొస్తుంది.

శనివారం బండి బయల్దేరేముందు డ్రైవర్ అమ్మగారికి ఫోన్ చేయాలి, మిస్డ్ కాల్ ఇవ్వకూడదు. ఎత్తకపోతే ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ, ఆ తర్వాత అబ్బాయికి, ఆ తర్వాత మేనల్లుడికి. ముగ్గురూ ఎత్తకపోతే డెస్క్ నిర్ణయించాలి. ఆ వీధి దగ్గరే ఇంకో ఇల్లు ఉంటే దాన్ని ముందు పూర్తి చేసి, 12:30 లోపు తిరిగి వెళ్ళొచ్చు. రెండు గంటల వేళ ఇందుకూ పనికొస్తుంది. మీరే ఆలస్యమవుతున్నారని తెలిస్తే 12:30 దాటేదాకా ఆగకండి. 11:30కే "ఒంటిగంట అవుతుంది, పర్వాలేదా, లేక సాయంత్రం 5 తర్వాత రమ్మంటారా?" అని అడగండి.

రెండోసారి కూడా కాకపోతే

మూడో తేదీ వెంటనే ఇవ్వకండి. రెండోసారి తప్పింది కస్టమర్ వైపు కారణంతో అయితే, ఈసారి ఫోన్ చేయాల్సింది వాళ్ళే అని మర్యాదగా చెప్పండి: "మీకు కుదిరిన రోజు చూసి షోరూంకు ఒక్క మాట చెప్పండి సార్, ఆ రోజే పెడతాం. ఫలానా తేదీ దాకా ఫ్రిజ్ మీ పేరునే గోడౌన్‌లో ఉంటుంది." ఆ తేదీ మీ షోరూం నియమం ప్రకారం ఎంతో అంత, రాతలో పంపండి. అది దాటితే ఆర్డర్ రద్దు చేసి డబ్బు తిరిగి ఇవ్వడం ఎలా జరుగుతుందో అందులోనే రాయండి. అప్పటికీ వాళ్ళు వెనకాడుతుంటే వస్తువు మీదే మనసు మారి ఉండొచ్చు. నేరుగా అడిగితే చాలామంది నిజం చెప్తారు: "ఫ్రిజ్ ఇప్పుడు కావాలా అండీ, వద్దనుకుంటే ఆ పని చేసిపెడతాను."

తప్పింది మీ వైపు కారణంతో అయితే మేనేజరు చేత ఫోన్ చేయించి, మర్నాడు మొదటి ఇంటిగా, ఛార్జీ లేకుండా పంపాలి. రెండు కేసుల్లోనూ చలానాలో "మొదటిసారి ఎందుకు కాలేదు" కింద రెండో కారణం కూడా చేర్చాలి. రెండుసార్లూ కారణం ఒకటే అని రాయాల్సి వస్తే, మధ్యలో చేసిన ఫోన్‌లో ఏ ప్రశ్న అడగలేదో ఆ వరుసలోనే కనపడుతుంది.